చేరకముందే కొత్త మేనేజర్‌కి రాసే మెయిల్: ఏం నిర్ధారించుకోవాలి, ఏం అడగాలి

ఆఫర్ లెటర్ వచ్చింది. నోటీస్ పీరియడ్ చివరికొచ్చింది. జాయినింగ్ వివరాలతో హెచ్‌ఆర్ మెయిల్ కూడా పంపారు. ఇంక మేనేజర్‌కి విడిగా రాయాల్సింది ఏముంటుందని చాలామంది అనుకుంటారు. రాసేవాళ్లలో కూడా ఎక్కువమంది "మీ టీమ్‌లో చేరుతున్నందుకు చాలా సంతోషంగా ఉంది" అని రెండు లైన్లు పంపి ఊరుకుంటారు. మేనేజర్ దానికి థాంక్స్ చెప్తారు. పని మాత్రం ఏమీ కదలదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కొత్త మనిషి వచ్చేటప్పుడు పనులు రెండు దారుల్లో నడుస్తాయి. ఉద్యోగి నంబరు, కంపెనీ మెయిల్ ఐడీ, లాప్‌టాప్, బ్యాడ్జ్ లాంటివి హెచ్‌ఆర్, ఐటీ వాళ్లు చూసుకుంటారు. మీ పేరు వాళ్ల సిస్టమ్‌లోకి ఎక్కితే ఇవి చాలావరకు వాటంతటవే జరిగిపోతాయి. రెండో దారి అలా కాదు. కోడ్ రిపాజిటరీ, టెస్ట్ ఎన్విరాన్‌మెంట్, టీమ్ జిరా ప్రాజెక్ట్, రోజువారీ మీటింగుల ఇన్వైట్, టీమ్ చాట్ గ్రూపు ఇవన్నీ మేనేజర్ గానీ, ఆయన చెప్పిన ఇంకొకరు గానీ టికెట్ పెడితేనే వస్తాయి. కొన్నిటికి ఇంకో స్థాయి అప్రూవల్ కూడా కావాలి. మీరు సీట్లో కూర్చున్నాక ఆ టికెట్లు పెడితే మొదటి రెండు మూడు రోజులు యాక్సెస్ కోసం ఎదురుచూస్తూ గడిచిపోతాయి.

కాబట్టి మీ మెయిల్ మేనేజర్ చేత రెండు చిన్న పనులు చేయించాలి. మీ దగ్గరున్న వివరాల్లో తప్పుంటే సరిదిద్దించాలి. ఆయన మొదలుపెట్టాల్సినవి గుర్తొచ్చి మొదలుపెట్టేలా చెయ్యాలి. ఏ వాక్యం ఉంచాలి, ఏది తీసేయాలి అనే సందేహం వచ్చినప్పుడల్లా అది ఈ రెండిట్లో దేనికి పనికొస్తుందో చూసుకోండి.

రాయడానికి ముందు

మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి: ఆఫర్ లెటర్, హెచ్‌ఆర్ పంపిన జాయినింగ్ మెయిల్, ఇంటర్వ్యూలో గానీ రిక్రూటర్‌తో ఫోన్లో గానీ విన్న మాటలు. మూడోది కాగితం మీద ఉండదు కాబట్టి గుర్తున్నంతవరకు రాసుకోండి. ఇప్పుడు తేదీ, సమయం, ఆఫీసు, హోదా, ఆఫీసుకి రావాల్సిన రోజులు మూడింట్లోనూ ఒకేలా ఉన్నాయేమో చూడండి.

తేడాలు ఎక్కువగా చోటు దగ్గర, రోజుల దగ్గర వస్తాయి. ఆఫర్ లెటర్‌లో "హైదరాబాద్" అని మాత్రమే ఉంటుంది. హెచ్‌ఆర్ మెయిల్‌లో గచ్చిబౌలి ఆఫీసు ఉంటుంది. ఇంటర్వ్యూ చేసినాయన మాటల మధ్యలో "మా టీమ్ మాదాపూర్‌లో కూర్చుంటుంది" అని ఉంటారు. ఇందులో ఎవరూ తప్పు చెప్పి ఉండకపోవచ్చు. డాక్యుమెంట్ల పని ఒక చోట, టీమ్ ఇంకో చోట ఉండటం మామూలే. కానీ సోమవారం పొద్దున ఆటో ఎక్కేలోపు అది తేలాలి.

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. హోదా, జీతం, జాయినింగ్ తేదీ, వర్క్ ఫ్రమ్ హోమ్ షరతులు, అంటే ఆఫర్ లెటర్‌కి సంబంధించిన ఏ తేడా అయినా ముందు హెచ్‌ఆర్‌తోనే తేల్చుకోండి. రిలీవింగ్ లెటర్, పాత పేస్లిప్పులు, పీఎఫ్ కోసం యూఏఎన్ నంబరు, బ్యాంకు ఖాతా, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కూడా అటే. మేనేజర్‌కి వాటిమీద అధికారం ఉండదు. ఆయన ఆ మెయిల్‌ని హెచ్‌ఆర్‌కి ఫార్వర్డ్ చేస్తారు, మధ్యలో ఒకటి రెండు రోజులు పోతాయి. పైగా మీ సొంత వివరాలు చూడాల్సిన అవసరం లేనివాళ్ల ఇన్‌బాక్సులో పడతాయి. అమెరికాలో చేరే మనవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. అక్కడ పనిచేసే అర్హతని నిర్ధారించే ఐ-9 ఫారం కోసం చూపించే డాక్యుమెంట్లను ఉద్యోగం మొదలైన మూడు పనిదినాల్లోపు కంపెనీ సరిచూడాలి. ఆ కాపీలు, వీసా సంగతులు హెచ్‌ఆర్‌కే వెళ్లాలి, మేనేజర్‌కి పంపే మెయిల్లో వాటికి చోటు లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం హెచ్‌ఆర్ విషయం మేనేజర్‌కి కూడా చేరాలి. పాత కంపెనీ మిమ్మల్ని సమయానికి వదలకపోయినా, ఇంకేదైనా కారణంతో జాయినింగ్ తేదీ వెనక్కి జరిగేలా ఉన్నా, ముందు హెచ్‌ఆర్‌కి చెప్పి, వాళ్లు ఒప్పుకున్న కొత్త తేదీతో అదే రోజు మేనేజర్‌కి రాయండి. ఆయన ఆ వారం పనిని మీరు వస్తారన్న లెక్కతో పంచి ఉంటారు.

ఎవరికి, ఎప్పుడు

మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసిన మనిషే మీ మేనేజర్ అని అనుకోకండి. పెద్ద కంపెనీల్లో ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లు వేరే టీమ్ వాళ్లు కావచ్చు. రిక్రూటర్‌కి ఒక లైన్ రాయండి: "నా రిపోర్టింగ్ మేనేజర్ ఎవరు? చేరకముందు వారికి ఒక మెయిల్ రాయాలనుకుంటున్నాను, మెయిల్ ఐడీ ఇవ్వగలరా?" ఇస్తే మంచిది. "చేరాక పరిచయం చేస్తాం" అంటే ఆ మాట వినండి. లింక్డ్‌ఇన్‌లో పేరు చూసి, కంపెనీ మెయిల్ ఐడీలు ఎలా ఉంటాయో ఊహించి పంపొద్దు. అదే పేరుతో ఇంకొకరు ఉంటే మీ ఫోన్ నంబరు, చేరే తేదీ ఎవరికో వెళ్తాయి.

ఐడీ వచ్చాక అందులో '@' తర్వాతి భాగం కంపెనీ అసలు డొమైనేనా అని ఒకసారి అక్షరం అక్షరం చూడండి. ఉద్యోగాల పేరుతో మోసాలు జరుగుతున్న రోజులివి. లాప్‌టాప్‌కి గానీ ట్రైనింగ్‌కి గానీ డిపాజిట్ కట్టమని ఎవరైనా అడిగితే అక్కడితో ఆగి, కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేసి కనుక్కోండి.

పంపడానికి సరైన సమయం చేరే రోజుకి నాలుగైదు పనిదినాల ముందు. సోమవారం చేరుతుంటే అంతకుముందు వారంలో సోమవారం మధ్యాహ్నమో మంగళవారం పొద్దున్నో పంపండి. నెల ముందు పంపితే ఆయన చదివి సరే అనుకుని మర్చిపోతారు, అప్పటికి టికెట్ పెట్టడానికి సిస్టమ్‌లో మీ పేరు కూడా ఉండదు. ఆదివారం రాత్రి పంపితే చదివేసరికి మీరు గేటు దగ్గర ఉంటారు. శుక్రవారం సాయంత్రం కూడా వద్దు.

మెయిల్ మీ సొంత ఐడీ నుంచే వెళ్లాలి, ఆఫర్ లెటర్ ఏ ఐడీకి వచ్చిందో దాని నుంచే. ఇంకా పాత కంపెనీలో పనిచేస్తున్నట్టయితే వాళ్ల లాప్‌టాప్ మీద ఈ మెయిల్ రాయొద్దు, వాళ్ల ఆఫీసు వేళల్లో కూర్చుని రాయొద్దు. ఫోన్ నుంచి పంపినా చాలు. సీసీలో హెచ్‌ఆర్ లేదా రిక్రూటర్‌ని పెట్టండి. మేనేజర్ తేదీ గురించో చోటు గురించో కొత్త మాట చెప్తే అది హెచ్‌ఆర్‌కి కూడా అప్పుడే తెలుస్తుంది.

సబ్జెక్ట్ లైన్

మేనేజర్ ఇన్‌బాక్సులో బయటి ఐడీ నుంచి వచ్చిన మెయిల్ మీది. "హలో" అనో "జాయినింగ్ గురించి" అనో ఉంటే దాన్ని దాటి వెళ్లిపోతారు. పేరు, తేదీ, టీమ్ మూడూ ఉండాలి. తర్వాత ఆయన ఎప్పుడైనా వెతుక్కోవాలన్నా దొరకాలి.

```
Joining on 15 June (Monday) - Sravanthi, QA team
```

పిలుపు

ఐటీ ఆఫీసుల్లో చాలాచోట్ల పేరుతోనే పిలుచుకుంటారు. అక్కడ "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెడితే కొంచెం బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ఫ్యాక్టరీలు, బ్యాంకులు, పాతకాలపు గ్రూపు కంపెనీల్లో సర్, మేడమ్ అనడమే రివాజు. తేల్చుకోవడానికి ఒక తేలికైన గుర్తుంది. హెచ్‌ఆర్ తన మెయిల్లో మేనేజర్‌ని ఎలా ప్రస్తావించారో చూడండి. "కిరణ్ మిమ్మల్ని కలుస్తారు" అని ఉంటే పేరుతో రాయొచ్చు. "కిరణ్ సర్" అని ఉంటే మీరూ అలాగే రాయండి. ఇంటర్వ్యూలో ఆయన మీతో తెలుగులో మాట్లాడినా సరే, సీసీలో తెలుగు రానివాళ్లు ఉండొచ్చు కాబట్టి మెయిల్ ఇంగ్లీషులోనే పంపండి.

కింద ఇచ్చే నమూనాని మాత్రం తెలుగులో రాస్తున్నాను. ముందు మన భాషలో రాసుకుంటే నిజంగా ఏం అడగాలనుకుంటున్నామో బయటపడుతుంది. రెడీమేడ్ ఇంగ్లీషు టెంప్లేట్ తీసుకుంటే మనకి అక్కర్లేని వాక్యాలు కూడా వచ్చి కూర్చుంటాయి. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు చిన్న వాక్యాలే ఉంచండి.

వివరాలు నిర్ధారించుకునే భాగం

"నేను ఎన్ని గంటలకు రావాలి? ఎక్కడికి రావాలి?" అని అడిగితే జవాబు వెతికే పని ఆయన మీద పడుతుంది. ఆయనకి ఆ వివరాలు తెలియకపోవచ్చు కూడా. దానికి బదులు మీకు తెలిసింది రాసి, అది మీకు ఎక్కడి నుంచి తెలిసిందో చెప్పి, మారి ఉంటే చెప్పమనండి. ఆయన పైనుంచి కిందకి ఒక చూపు చూసి, అన్నీ సరిగ్గా ఉంటే "అంతే" అని ఒక్క మాటతో సరిపెట్టొచ్చు.

ఒక్కో వివరం ఒక్కో లైనులో ఉండాలి. పేరాగ్రాఫు మధ్యలో దాక్కున్న తప్పు కంటికి ఆనదు. తేదీతో పాటు వారం కూడా రాయండి. "15" అని వేయబోయి "16" అని వేస్తే పక్కనున్న "సోమవారం" దాన్ని పట్టిస్తుంది.

ప్రశ్నలు

మూడు ప్రశ్నలు చాలు. నాలుగోది చేర్చాలనిపిస్తే ముందున్న మూడిట్లో ఒకటి తీసేయండి. ఆరేడు ప్రశ్నలున్న మెయిల్‌ని మేనేజర్ "తర్వాత తీరిగ్గా రాద్దాం" అని పక్కన పెడతారు, ఆ తీరిక మీరు చేరేలోపు రాదు.

ఏ ప్రశ్న ఉంచాలో ఇలా తేల్చుకోండి. దానికి జవాబు మేనేజర్ మాత్రమే ఇవ్వగలరా? జవాబు ఇప్పుడే తెలిస్తే సోమవారం లోపు మీరు గానీ ఆయన గానీ చేసే పని ఏమైనా మారుతుందా? రెండిటికీ అవును అంటేనే ఉంచండి. "లంచ్ ఎక్కడ చేస్తారు?" అన్నది మొదటి దాంట్లోనే ఆగిపోతుంది. "టీమ్‌లో ఎంతమంది ఉన్నారు?" అన్నది రెండో దాంట్లో ఆగిపోతుంది, ఎందుకంటే సోమవారం తెలిసినా నష్టం లేదు.

మొదటి ప్రశ్న యాక్సెస్ గురించి ఉండాలి. "లాప్‌టాప్, యాక్సెస్ ఎప్పుడొస్తాయి?" అని అడిగితే తొందర పెట్టినట్టు ఉంటుంది. "యాక్సెస్ టికెట్ల కోసం నా నుంచి ఏమైనా వివరాలు కావాలా?" అని అడిగితే సాయానికి సిద్ధంగా ఉన్నట్టు ఉంటుంది, టికెట్ పెట్టాలన్న సంగతీ ఆయనకి గుర్తొస్తుంది. ఇంకో ఉపయోగం కూడా ఉంది. మనవాళ్ల పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. ఆఫర్ లెటర్‌లో "కె. స్రవంతి" అని, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, ఒక్కో టికెట్ ఒక్కో పేరుతో వెళ్లి సిస్టమ్‌లో ఇద్దరు మనుషులైపోతారు. తర్వాత దాన్ని సరిచేయడానికి రోజులు పడుతుంది. అందుకే రికార్డుల్లో ఏ పేరు ఉందో మీరే ఆ ప్రశ్న పక్కన రాసేయండి.

రెండో ప్రశ్న ముందస్తు తయారీ గురించి. ఇక్కడే చాలా మెయిళ్లు నీరుగారిపోతాయి. "చేరేలోపు నేను ఏం నేర్చుకోవాలి?" అని రాస్తే మీ గురించి, మీకు ఏం వచ్చు, ఏం రాదు అని ఆయనే ఆలోచించాలి. అందుకే "ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు" అన్న జవాబు వస్తుంది. మీకు తెలిసినదీ తెలియనిదీ చెప్పి, రెండు దారులు చూపించి, ఏది ముందు అని అడగండి. ఉదాహరణకి ఒక టెస్టర్ ఇలా అడగొచ్చు: "ఏపీఐ టెస్టింగ్‌కి ఇప్పటిదాకా పోస్ట్‌మన్ వాడాను, రెస్ట్ అష్యూర్డ్ నాకు కొత్త. ఈ వీకెండ్ దాని బేసిక్స్ చూడమంటారా, లేక మీ ప్రొడక్ట్ పబ్లిక్ డాక్యుమెంటేషన్ చదవమంటారా?" ఆయనకి జవాబు ఒక్క ముక్కలో వచ్చేస్తుంది. అదే సమయంలో మీకు రెస్ట్ అష్యూర్డ్ రాదన్న సంగతి మొదటి రోజుకి ముందే, తడబాటు లేకుండా, ఆయనకి తెలిసిపోతుంది. దాన్నిబట్టి మీకు మొదటి పని ఏం ఇవ్వాలో ఆయన ఆలోచించుకుంటారు.

"పబ్లిక్" అన్న మాట కావాలనే వాడాను. టీమ్ డాక్యుమెంట్లు, డిజైన్ పత్రాలు మీ సొంత మెయిల్‌కి పంపమని ఎప్పుడూ అడగొద్దు. మీరు ఇంకా కంపెనీ ఉద్యోగి కారు. వాటిని బయటి ఐడీకి పంపడం చాలా కంపెనీల్లో సెక్యూరిటీ నియమాలకి విరుద్ధం. కాదనలేక ఆయన ఇబ్బంది పడతారు.

మూడో ప్రశ్న టీమ్ పనివేళల గురించి ఉంటే బాగుంటుంది, ముఖ్యంగా అమెరికా, యూరప్ టీమ్‌లతో కాల్స్ ఉండే చోట. ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, పిల్లల్ని స్కూల్ నుంచి ఎవరు తెస్తారు అన్నవి దీన్నిబట్టే ఉంటాయి. ఈ వేళలు హెచ్‌ఆర్‌కి సరిగ్గా తెలియవు, మేనేజర్‌కే తెలుస్తాయి. అయితే అడిగే తీరు చూసుకోండి. "రాత్రి కాల్స్ తప్పనిసరా?" అంటే అప్పుడే బేరం మొదలుపెట్టినట్టు ఉంటుంది. "సాధారణంగా ఏ వేళల్లో ఉంటాయి?" అంటే సరిపోతుంది.

సెలవుల పాలసీ, హైక్, వేరియబుల్ పే, వర్క్ ఫ్రమ్ హోమ్ పెంచమనడం ఈ మెయిల్లో వద్దు. అయితే ముందే ఖాయమైన సెలవు ఉంటే, ఇంట్లో పెళ్లి లాంటిది, దాన్ని దాచకూడదు. ఆఫర్ సమయంలోనే హెచ్‌ఆర్‌కి చెప్పి ఒప్పించుకోవాలి, ఇప్పుడు మేనేజర్‌కి సమాచారంగా ఒక్క లైన్ రాయాలి. ఇప్పటిదాకా హెచ్‌ఆర్‌కే చెప్పకపోతే, ముందు వాళ్లతో మాట్లాడి ఆ తర్వాతే మేనేజర్‌కి రాయండి.

ఒక పూర్తి మెయిల్

విజయవాడలో నాలుగేళ్లు టెస్టింగ్ చేసి, హైదరాబాద్‌లో కొత్త కంపెనీలో చేరబోతున్న ఒకమ్మాయి అనుకుందాం. పేరు స్రవంతి. మేనేజర్ కిరణ్ ఇంటర్వ్యూలో ఆమెతో మాట్లాడారు. హెచ్‌ఆర్ జూన్ 5న జాయినింగ్ వివరాలు పంపారు. పాత ఉద్యోగంలో చివరి రోజు జూన్ 12. మెయిల్ జూన్ 9, మంగళవారం పొద్దున వెళ్తుంది.

> నమస్తే కిరణ్ గారూ,
>
> నేను స్రవంతిని. సీనియర్ టెస్ట్ ఇంజినీర్ పోస్టుకి మే నెలలో మీతో ఇంటర్వ్యూలో మాట్లాడాను. వచ్చే సోమవారం మీ టీమ్‌లో చేరుతున్నాను.
>
> హెచ్‌ఆర్ జూన్ 5న పంపిన మెయిల్ ప్రకారం నా జాయినింగ్ వివరాలు ఇవి. ఏదైనా మారి ఉంటే చెప్పండి.
>
> తేదీ: జూన్ 15, సోమవారం
> సమయం: ఉదయం 9:30
> చోటు: గచ్చిబౌలి ఆఫీసు, రిసెప్షన్
> ఆ రోజు: మధ్యాహ్నం వరకు హెచ్‌ఆర్ దగ్గర డాక్యుమెంట్ల పని, ఆ తర్వాత టీమ్ దగ్గరికి
>
> ఇంటర్వ్యూలో టీమ్ మాదాపూర్‌లో కూర్చుంటుందని అన్నట్టు గుర్తు. మధ్యాహ్నం అక్కడికి రావాలా, గచ్చిబౌలిలోనే ఉండాలా చెప్పగలరు.
>
> ఇంకో మూడు విషయాలు అడగాలనుకున్నాను.
>
> 1. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్, జిరా, గిట్ యాక్సెస్ టికెట్ల కోసం నా నుంచి వివరాలేమైనా కావాలా? ఆఫర్ లెటర్‌లో ఉన్న పేరే నా ఆధార్‌లో, పాన్‌లో కూడా ఉంది.
>
> 2. ఏపీఐ టెస్టింగ్‌కి ఇప్పటిదాకా పోస్ట్‌మన్ వాడాను. రెస్ట్ అష్యూర్డ్ నాకు కొత్త. ఈ వీకెండ్ దాని బేసిక్స్ చూడమంటారా, లేక ప్రొడక్ట్ పబ్లిక్ డాక్యుమెంటేషన్ చదవమంటారా?
>
> 3. అమెరికా టీమ్‌తో కాల్స్ సాధారణంగా ఏ వేళల్లో ఉంటాయి? ఇల్లు వెతుక్కుంటున్నాను, దాన్నిబట్టి చూసుకుంటాను.
>
> జూన్ 25, 26 తేదీల్లో మా చెల్లి పెళ్లి. ఆఫర్ సమయంలో హెచ్‌ఆర్‌కి చెప్పాను, ఆ రెండు రోజుల సెలవుకి ఒప్పుకున్నారు. మీ ప్లానింగ్ కోసం తెలియజేస్తున్నాను.
>
> శుక్రవారం వరకు పాత ఆఫీసులో ఉంటాను కాబట్టి ఫోన్‌లో సాయంత్రం 7 తర్వాత అందుబాటులో ఉంటాను. మెయిల్‌కి ఒక్కో మాటలో జవాబిచ్చినా చాలు.
>
> స్రవంతి
> (ఫోన్ నంబరు)

మొదటి పేరాలో "మే నెలలో మీతో మాట్లాడాను" అన్న మాట అనవసరం అనిపించొచ్చు. నెలలో పదిమందిని ఇంటర్వ్యూ చేసే మనిషికి అదే మిమ్మల్ని గుర్తు చేస్తుంది. నోటీస్ పీరియడ్ రెండు నెలలు, మూడు నెలలు ఉండే చోట ఇది ఇంకా అవసరం. మాదాపూర్ సంగతిని మూడు ప్రశ్నల్లో కలపకుండా వివరాల కిందే పెట్టడానికి కారణం, అది కూడా సరిదిద్దుకోవాల్సిన వివరమే. మీ అనుభవం, మీ ఉత్సాహం, కంపెనీ గొప్పతనం గురించి ఒక్క వాక్యం లేదు. ఇంటర్వ్యూ అయిపోయింది కదా, మళ్లీ చెప్పుకోవాల్సిన పని లేదు.

పంపేముందు ఫోన్‌లో తెరిచి చూడండి. ఆయన చదివేది ఎక్కువగా ఫోన్‌లోనే. తేదీ, ప్రశ్నలు దొరకడానికి రెండు మూడు సార్లకంటే ఎక్కువ స్క్రోల్ చేయాల్సి వస్తే ఇంకా తగ్గించండి. అటాచ్‌మెంట్లు ఏమీ పెట్టొద్దు. బయటి ఐడీ నుంచి అటాచ్‌మెంట్‌తో వచ్చే మెయిల్ స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ.

జవాబు వచ్చాక, రాకపోయాక

ఎక్కువగా వచ్చే జవాబు ఇది: "అంతా ఓకే, సోమవారం కలుద్దాం." దీన్ని జాయినింగ్ వివరాలకి ఒప్పుకోలుగా తీసుకోవచ్చు. ప్రశ్నలకి జవాబు రాలేదని మళ్లీ మెయిల్ పెట్టకండి. ఆ మూడింటినీ మొదటిసారి ఎదురుగా కూర్చున్నప్పుడు అడగండి. యాక్సెస్ సంగతి ఆయన చెవిన ఎలాగూ పడింది.

జాగ్రత్తగా చూడాల్సింది మేనేజర్ మాట, హెచ్‌ఆర్ మాట వేరైనప్పుడు. "తిన్నగా మాదాపూర్‌కి 10 గంటలకి వచ్చేయండి" అని కిరణ్ రాశారనుకోండి. మేనేజర్ చెప్పారు కదా అని వెళ్లిపోతే, డాక్యుమెంట్ల పని గచ్చిబౌలిలో ఆగిపోతుంది. అది ఆగితే ఉద్యోగి నంబరు ఆలస్యమవుతుంది, దాంతో లాప్‌టాప్ కూడా. అప్పుడు రిప్లై ఆల్ కొట్టి ఇలా రాయాలి: "థాంక్యూ కిరణ్ గారూ. హెచ్‌ఆర్ మెయిల్‌లో డాక్యుమెంట్ల పని గచ్చిబౌలిలో 9:30కి అని ఉంది. ముందు అక్కడికి వెళ్లి, అది పూర్తయ్యాక మాదాపూర్ వస్తే సరిపోతుందా?" సీసీలో ఉన్న హెచ్‌ఆర్ కూడా చూస్తారు, వాళ్లిద్దరూ తేల్చుకుంటారు. ఎవరు చెప్పింది తప్పు అన్న ఊసు మీ మెయిల్లో ఉండకూడదు.

రెండు పనిదినాలు గడిచినా జవాబు రాకపోతే మేనేజర్‌కి ఇంకో మెయిల్ వద్దు. ఆయన సెలవులో ఉండొచ్చు, రిలీజ్ హడావుడిలో ఉండొచ్చు, మెయిల్ స్పామ్‌లో పడి ఉండొచ్చు. సీసీలో ఉన్న హెచ్‌ఆర్‌కి ఒక లైన్ చాలు: "కిరణ్ గారికి మంగళవారం మెయిల్ చేశాను, అందిందో లేదో తెలియలేదు. సోమవారం 9:30కి గచ్చిబౌలి రిసెప్షన్‌కి రావడంలో మార్పేమీ లేదు కదా?" మీకు తప్పనిసరిగా కావాల్సిన జవాబు ఈ ఒక్కటే, అది హెచ్‌ఆర్ ఇవ్వగలరు. ఎక్కడో నంబరు సంపాదించి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టొద్దు, ఆయనే నంబరు ఇస్తే తప్ప.

ఒక్కోసారి మెయిల్‌కి బదులు ఫోన్ వస్తుంది. మాట్లాడటం అయ్యాక, ఆయన చెప్పినవాటిలో తేదీ, సమయం, చోటు మారి ఉంటే ఆ మార్పు మాత్రం రాసి అదే మెయిల్‌కి రిప్లైగా పంపండి. హెచ్‌ఆర్‌కి ఆ కాల్ సంగతి తెలియదు.

ఫ్రెషర్లకి, ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి

కాలేజీ నుంచి వందలమందితో కలిసి పెద్ద కంపెనీలో చేరేవాళ్లకి సాధారణంగా మేనేజర్ ఎవరో ట్రైనింగ్ అయ్యాకే తెలుస్తుంది. అలాంటప్పుడు ఈ మెయిల్ అక్కర్లేదు. హెచ్‌ఆర్‌కే రాయండి, అందులో తేదీ, చోటు, తేవాల్సిన ఒరిజినల్ సర్టిఫికెట్ల జాబితా నిర్ధారించుకోండి. ఆఖరి సెమిస్టర్ మార్కుల మెమో గానీ, ప్రొవిజనల్ సర్టిఫికెట్ గానీ ఇంకా యూనివర్సిటీ నుంచి రాకపోతే ఆ సంగతి ముందే చెప్పి, ఎప్పటిలోపు ఇవ్వొచ్చో అడగండి. చిన్న కంపెనీలో చేరే ఫ్రెషర్‌కి మేనేజర్ పేరు ముందే తెలిస్తే పైన చెప్పినట్టే రాయొచ్చు, ప్రశ్నలు మాత్రం రెండు చాలు.

పూర్తిగా ఇంటి నుంచి పనిచేసేవాళ్ల మెయిల్లో "చోటు" అన్న లైను స్థానంలో లాప్‌టాప్ లైను వస్తుంది. కంపెనీ పంపే లాప్‌టాప్ ఏ చిరునామాకి వస్తోంది, ట్రాకింగ్ వివరాలు వచ్చాయా లేదా అన్నది రాయండి. ఊళ్లో ఉండి పనిచేసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం, కొన్ని పిన్‌కోడ్‌లకి కొరియర్ ఒకటి రెండు రోజులు ఎక్కువ తీసుకుంటుంది. గురువారం సాయంత్రానికి కూడా లాప్‌టాప్ చేతికి రాకపోతే మేనేజర్‌కి, హెచ్‌ఆర్‌కి ఇద్దరికీ కలిపి రాయండి: "లాప్‌టాప్ ఇంకా రాలేదు. అది వచ్చేదాకా సోమవారం మీటింగ్‌కి సొంత ఫోన్ నుంచి చేరొచ్చా?" చేరొచ్చు అంటే ఆ లింక్ మీ సొంత మెయిల్ ఐడీకి పంపమని అందులోనే అడగండి. కంపెనీ మెయిల్‌కి పంపిన ఇన్వైట్, లాప్‌టాప్ లేకుండా మీరు తెరవలేరు.